బోనస్ పడిన నెలలో పన్ను అంత ఎందుకు కోస్తారు?

నెలకు 50,000 జీతం తీసుకునే ఒక ఉద్యోగికి ఏడాది మధ్యలో 2,00,000 బోనస్ వచ్చిందనుకుందాం. ఆ నెల జీతంతో కలిపే వేశారు. పే స్లిప్‌లో మొత్తం 2,50,000 అని చూసి సంతోషపడేలోపే కళ్లు కింది గడి మీద పడ్డాయి. ప్రతి నెలా 2,500 ఉండే పన్ను ఈసారి 58,333 అయింది. పెరిగిన 55,833 అంతా బోనస్ వల్లేగా? అంటే బోనస్‌లో పావు వంతు కంటే ఎక్కువే పోయింది. జీతం మీద ఐదు శాతం పన్ను కట్టే మనిషికి బోనస్ మీద 28 శాతమా?

“బోనస్‌కి పన్ను రేటు వేరే ఉంటుందట” అనే మాట ఇలాంటి నెలల్లోనే పుడుతుంది. దానికి తోడు “బోనస్ తీసుకుంటే పై శ్లాబులోకి వెళ్లిపోతాం, మొత్తం మీద నష్టమే” అనే సలహా కూడా వినిపిస్తుంది. మొదటి మాట చాలా దేశాల్లో నిజం కాదు. రెండోది దాదాపు ఎప్పుడూ తప్పే, కానీ ఒకటి రెండు చోట్ల మాత్రం నిజమవుతుంది. ఆ సంగతి చివర్లో చూద్దాం.

ఒకే పేరుతో రెండు లెక్కలు

పే స్లిప్‌లో “పన్ను” అని కనిపించేది నిజానికి పన్ను కాదు, పన్ను కోసం ముందుగా పట్టుకున్న డబ్బు. మన దగ్గర టీడీఎస్ అంటాం. జీతాల మీద ఆదాయ పన్ను సాధారణంగా ఏడాది మొత్తం ఆదాయాన్ని బట్టి తేలుతుంది. ఆ మొత్తం ఎంతో ఏడాది ముగిస్తే గానీ ఎవరికీ కచ్చితంగా తెలియదు. కానీ ప్రభుత్వం అప్పటిదాకా ఆగదు కాబట్టి, జీతం ఇచ్చే సంస్థ నెలనెలా ఒక అంచనా వేసి కొంత కోసి కడుతుంది. ఏడాది చివర అసలు పన్ను తేలాక, కోసింది ఎక్కువైతే వెనక్కి వస్తుంది, తక్కువైతే మనం కట్టాలి.

ప్రతి నెలా ఒకే జీతం వచ్చినంత కాలం ఈ రెండు లెక్కలకూ తేడా కనపడదు. పన్నెండు నెలల కోత, ఏడాది పన్ను సరిగ్గా సరిపోతాయి. ఒక నెల మిగతా నెలల్లా లేనప్పుడే అంచనా, అసలు వేర్వేరని బయటపడుతుంది. బోనస్ చేసే పని అదే.

ముందు అసలు పన్ను

లెక్క తేలిగ్గా అర్థం కావడానికి కొన్ని శ్లాబులు కల్పించుకుందాం. ఇవి ఏ దేశానివీ కావు, అంకెలు ఏ కరెన్సీవైనా అనుకోవచ్చు. ఏడాదికి మొదటి 3 లక్షల మీద పన్ను లేదు. 3 నుంచి 7 లక్షల వరకు 10 శాతం. 7 నుంచి 10 లక్షల వరకు 20 శాతం. ఆపైన 30 శాతం.

మన ఉద్యోగికి బోనస్ లేకపోతే ఏడాది ఆదాయం 6 లక్షలు. అందులో 3 లక్షలకు పన్ను లేదు, మిగతా 3 లక్షల మీద 10 శాతం, అంటే 30,000. నెలకు 2,500 చొప్పున కోస్తున్నది ఇదే.

బోనస్ కలిస్తే ఆదాయం 8 లక్షలు. ఇప్పుడు 3 నుంచి 7 లక్షల మధ్య ఉన్న 4 లక్షలకు 40,000, ఏడు దాటిన లక్షకు 20,000, మొత్తం 60,000. బోనస్ వల్ల పెరిగిన పన్ను 30,000. రెండు లక్షల్లో సగం 10 శాతం శ్లాబులో, సగం 20 శాతం శ్లాబులో పడింది కాబట్టి సగటున 15 శాతం అయింది.

శ్లాబు భయం ఎక్కడ తప్పుతుందో ఇక్కడే కనిపిస్తుంది. 7 లక్షలు దాటినందుకు అంతకుముందున్న 7 లక్షల మీద పన్ను ఒక్క రూపాయి కూడా మారలేదు. దాటిన లక్షకు మాత్రమే 20 శాతం పడింది. శ్లాబులు మెట్లలాంటివి. పై మెట్టు రేటు ఆ మెట్టు మీద నిలబడిన డబ్బుకే వర్తిస్తుంది.

కాబట్టి ఈ బోనస్ మీద నిజమైన పన్ను 30,000. మరి పే స్లిప్‌లో అదనంగా కోసిన 55,833 ఎక్కడిది?

ప్రతి నెలా ఇంతే వస్తుందని నమ్మే లెక్క

కొన్ని పేరోల్ పద్ధతులు ఒక్క నెలను చూసి ఏడాదిని ఊహిస్తాయి. ఈ నెల 2,50,000 వచ్చిందా, అయితే ఏడాదికి 30 లక్షలు అని అనుకుంటాయి. మన శ్లాబుల ప్రకారం 30 లక్షల మీద పన్ను 40,000, 60,000, పది లక్షలు దాటిన 20 లక్షల మీద 6 లక్షలు కలిపి 7 లక్షలు. దాన్ని పన్నెండుతో భాగిస్తే 58,333. పే స్లిప్‌లో ఉన్నది ఇదే.

లెక్కలో తప్పేమీ లేదు, ఊహలోనే తప్పుంది. జీవితంలో ఎప్పుడూ 30 లక్షలు చూడని మనిషిని ఆ ఒక్క నెలకు 30 లక్షల ఆదాయం ఉన్నట్టు లెక్కగట్టారు. బోనస్‌లో పెద్ద ముక్క 30 శాతం శ్లాబులో పడినట్టు కనిపించడం ఆ ఊహ వల్లే. ఈ ఉద్యోగి ఆ శ్లాబు దరిదాపుల్లో కూడా లేదు.

అమెరికాలో వాడుకలో ఉన్న పద్ధతుల్లో ఇదొకటి. బోనస్‌ను జీతంతో కలిపేసి, ఏది ఎంతో విడిగా చూపించకుండా ఇస్తే, అక్కడి నిబంధనల ప్రకారం మొత్తాన్ని ఒకే మామూలు జీతంగా భావించి కోయాలి. అదే డబ్బును విడిగా చూపిస్తే వేరే దారి ఉంది, దాని గురించి కాసేపట్లో. చెక్కు మీద రెండు అంకెలు విడివిడిగా రాశారా, కలిపి రాశారా అన్న దాన్ని బట్టి చేతికొచ్చే డబ్బు మారిపోవడం చూస్తే నాకైతే కొంచెం నవ్వే వస్తుంది.

ఏడాది మొత్తాన్ని చూసే లెక్క

ఇంకో పద్ధతిలో పేరోల్ వాళ్లు ఈ ఏడాది మిగతా నెలల్లో ఎంత వస్తుందో అంచనా వేస్తారు. బోనస్ కలపకుండా ఏడాది పన్ను ఎంత, కలిపితే ఎంత అని రెండుసార్లు లెక్కగట్టి, తేడాను బోనస్ నెలలో కోస్తారు. జర్మనీలో ఏడాదికోసారి వచ్చే చెల్లింపులకు ఇదే విధానం. మన ఉదాహరణలో ఆ తేడా 30,000. మామూలు 2,500 కలిపి ఆ నెల కోత 32,500 అవుతుంది. అసలు పన్నుకు ఇది సరిగ్గా సరిపోతుంది.

భారత్‌లో జీతం మీద టీడీఎస్ కూడా ఏడాది అంచనా మీదే నడుస్తుంది. ఏడాది మొత్తం పన్నులోంచి ఇప్పటిదాకా కోసింది తీసేసి, మిగిలినదాన్ని మిగిలిన నెలలకు పంచుతారు. బోనస్ తొమ్మిదో నెలలో వచ్చిందనుకుంటే, అప్పటికి ఎనిమిది నెలల్లో 20,000 కోసి ఉంటారు. మొత్తం 60,000లో ఇంకా 40,000 రావాలి. నాలుగు నెలలకు పంచితే నెలకు 10,000. ఇలా చేస్తే బోనస్ నెలలో చేతికి ఎక్కువే వస్తుంది కానీ, తర్వాత మూడు నెలల జీతం ఎందుకు తగ్గిందని టెన్షన్ మొదలవుతుంది. అందుకే చాలా కంపెనీలు పంచకుండా బోనస్ పన్నంతా అదే నెలలో తీసేసుకుంటాయి. డబ్బు చేతిలో ఉన్నప్పుడే కోస్తే నొప్పి తక్కువని వాళ్ల వాదన. రెండు రకాలుగానూ ఏడాదికి మొత్తం 60,000 మాత్రమే.

ఇక్కడ నెల కూడా ముఖ్యమే. అదే బోనస్ ఆఖరి నెలలో వస్తే పంచడానికి నెలలు మిగలవు. పదకొండు నెలల్లో కోసింది 27,500. మిగిలిన 32,500 ఒక్కసారే పోతుంది. ఆర్థిక సంవత్సరం చివర బోనస్ ఇచ్చే చోట్ల ఈ ఫిర్యాదు ఎక్కువగా వినిపించడానికి కారణం అదే.

ఆ నెలల్లోనే ఇంకో చిక్కు కూడా కలుస్తుంటుంది. ఏడాది మొదట్లో “ఇన్ని పొదుపులు చేస్తాను, ఇంత ఇంటద్దె కడతాను” అని రాసిచ్చిన ఉద్యోగి వాటి కాగితాలు చూపించకపోతే, అప్పటిదాకా తక్కువ కోసినదంతా ఏడాది చివరి రెండు మూడు నెలల్లో వసూలు చేస్తారు. సరిగ్గా అప్పుడే బోనస్ కూడా పడితే, పెరిగిన కోతంతా బోనస్ పన్నులాగే కనిపిస్తుంది. అందులో కొంత పాత బాకీ.

తప్పును తానే దిద్దుకునే లెక్క

బ్రిటన్ పద్ధతి నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపిస్తుంది. అక్కడ పన్ను లేని పరిమితినీ శ్లాబులనూ పన్నెండు ముక్కలు చేసి, ప్రతి నెలా ఒక్కో ముక్క కలుపుకుంటూ పోతారు. ఏడాది మొదటి నుంచి ఇప్పటిదాకా వచ్చిన ఆదాయం ఎంత, ఇప్పటిదాకా కలిసిన శ్లాబుల ప్రకారం దాని మీద పన్ను ఎంత, అందులో ఇప్పటికే కోసింది ఎంత అని చూసి, మిగిలింది ఈ నెల కోస్తారు.

మన కల్పిత శ్లాబులతోనే చూద్దాం. తొమ్మిదో నెలలో బోనస్ వస్తే అప్పటికి మొత్తం ఆదాయం 6,50,000. తొమ్మిది నెలలకు పన్ను లేని వాటా 2,25,000. తర్వాతి 3,00,000 మీద 10 శాతం, మిగిలిన 1,25,000 మీద 20 శాతం, మొత్తం 55,000. ఇదివరకే 20,000 పోయింది కాబట్టి ఈ నెల కోత 35,000. అసలు కంటే కొంచెం ఎక్కువే. కానీ తర్వాతి మూడు నెలల్లో కోత 2,500 నుంచి 1,667కు తగ్గిపోతుంది. ఏడాది ముగిసేసరికి సరిగ్గా 60,000. రిటర్న్ వేసి అడగాల్సిన పని లేకుండానే లెక్క కుదిరింది.

అదే బోనస్ మొదటి నెలలోనే వస్తే ఇంకా వింతగా ఉంటుంది. అప్పటికి ఒక్క నెల వాటా శ్లాబులే ఉన్నాయి కాబట్టి కోత 58,333, అంటే ఒక్క నెలను చూసే పద్ధతిలో వచ్చినంతే. కానీ రెండో నెలలో శ్లాబులు రెట్టింపవుతాయి, ఆదాయం మాత్రం 50,000 మాత్రమే పెరుగుతుంది. కట్టాల్సిన మొత్తం 56,667కు తగ్గుతుంది. అంటే ఆ నెల కోత ఉండదు సరికదా, 1,667 వెనక్కి జీతంతో కలిపి ఇస్తారు. 50,000 జీతానికి 51,667 చేతికొచ్చిందని ఎవరైనా చెబితే నమ్మబుద్ధి కాదు గానీ, ఈ పద్ధతిలో అది మామూలే.

దీనికి ఒక షరతు ఉంది. కొత్తగా చేరిన ఉద్యోగి పాత వివరాలు అందకపోతే అక్కడ, కోత ఎలా లెక్కగట్టాలో కంపెనీకి చెప్పే పన్ను కోడ్‌ను తాత్కాలికంగా పెడతారు. పే స్లిప్‌లో కోడ్ పక్కన M1 అని కనిపిస్తే, గత నెలలతో సంబంధం లేకుండా ప్రతి నెలనూ విడిగా లెక్క కడుతున్నారని అర్థం. ఆ కోడ్ మీద ఉండగా బోనస్ వస్తే ఎక్కువ కోస్తారు, కోడ్ మార్చేదాకా అది తనంత తానుగా సర్దుకోదు.

ఒకే రేటుతో కోయడం, దాని తిరకాసు

అమెరికాలో ఇందాక చెప్పిన రెండో దారి ఇది. బోనస్‌ను జీతం నుంచి విడిగా గుర్తించి ఇస్తే, కంపెనీ దాని మీద కేంద్ర ఆదాయ పన్ను కోసం తిన్నగా 22 శాతం కోయవచ్చు. ఒక ఏడాదిలో ఇలాంటి చెల్లింపులు పది లక్షల డాలర్లు దాటితే, దాటిన భాగానికి 37 శాతం. “బోనస్‌కి వేరే రేటు” అన్న నమ్మకానికి కాస్తయినా ఆధారం ఇదే. కానీ ఇది కూడా కోత రేటే, పన్ను రేటు కాదు. ఏడాది చివర రిటర్న్ వేసేటప్పుడు బోనస్ మామూలు జీతంలో కలిసిపోతుంది.

మన ఉదాహరణకు 22 శాతం అంటే 44,000. అసలు పన్ను 30,000 కనుక 14,000 తర్వాత తిరిగొస్తుంది. ఇబ్బంది పెద్ద జీతాలవాళ్లకు. మన శ్లాబుల్లోనే ఏడాదికి 12 లక్షలు సంపాదించే ఉద్యోగికి అదే బోనస్ వస్తే అది మొత్తం 30 శాతం శ్లాబులో పడుతుంది. అసలు పన్ను 60,000, కోసింది 44,000. ఆ నెల పే స్లిప్ చూసి “పర్లేదే, తక్కువే కోశారు” అనుకున్న మనిషికి రిటర్న్ వేసే రోజు 16,000 బాకీ కనిపిస్తుంది. ఎక్కువ కోసినప్పుడు అందరూ గొడవ చేస్తారు. తక్కువ కోసింది కొన్ని నెలల దాకా ఎవరి కంటా పడదు.

ఎక్కువ కోయాలా, తక్కువ కోయాలా?

దీని మీద రెండు వాదనలున్నాయి, రెండింటిలోనూ పస ఉంది. పేరోల్ చూసేవాళ్లు కొంచెం ఎక్కువ కోయడమే సురక్షితం అంటారు. బోనస్ తీసుకున్న ఉద్యోగి వచ్చే నెల రాజీనామా చేస్తే మిగతా పన్ను ఏ జీతంలోంచి కోస్తారు? తక్కువ కోస్తే చాలాచోట్ల కంపెనీయే వడ్డీతో సహా జవాబు చెప్పుకోవాలి. ఉద్యోగికి కూడా ఏడాది చివర ఒక్కసారిగా బాకీ మీద పడటం కంటే రీఫండ్ రావడమే నయం.

ఉద్యోగి వైపు నుంచి చూస్తే, మొదటి పే స్లిప్‌లో అసలు పన్ను కంటే ఎక్కువ కోసిన ఆ 25,833 తన డబ్బు. దానితో అప్పు తీర్చుకుంటే నెలనెలా వడ్డీ మిగిలేది. రీఫండ్ వచ్చేదాకా ఆ డబ్బు తన దగ్గర ఉండదు, రిటర్న్ వేయని వాళ్లకైతే అసలు రాకపోవచ్చు కూడా. నా మట్టుకు నాకు ఏడాది మొత్తాన్ని చూసే పద్ధతే న్యాయంగా అనిపిస్తుంది. కానీ జీతం నెలనెలా మారే చోట, ఉద్యోగులు తరచూ మారే చోట ఆ అంచనా వేయడం కంపెనీకి తలనొప్పే అన్నది కాదనలేను.

బోనస్ నిజంగానే కొరికే చోటు

పై శ్లాబులోకి వెళ్లడం వల్ల నష్టం రాదని చూశాం. కానీ పన్ను చట్టాల్లో శ్లాబులే కాక అంచులు కూడా ఉంటాయి. ఆదాయం ఒక గీత దాటగానే ఏదో ఒక రాయితీ మొత్తంగా పోతుంది. ఆ గీత దగ్గర ఉన్నవాళ్లకు బోనస్ లెక్క మారిపోతుంది.

భారత్‌లో 2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త పన్ను విధానం దీనికి చక్కటి ఉదాహరణ. పన్ను విధించదగ్గ ఆదాయం 12 లక్షల వరకు ఉంటే రిబేటు వల్ల పన్ను సున్నా. జీతం తీసుకునేవాళ్లకు 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కలుపుకుంటే 12,75,000 జీతం దాకా పన్ను లేదు. సరిగ్గా అక్కడున్న ఉద్యోగికి 10,000 బోనస్ వచ్చిందనుకుందాం. రిబేటు పోయింది కాబట్టి శ్లాబుల ప్రకారం పన్ను 61,500 కావాలి. అది మరీ దారుణం కాబట్టి చట్టం మార్జినల్ రిలీఫ్ ఇస్తుంది. గీత దాటిన సొమ్ము కంటే పన్ను ఎక్కువ ఉండకూడదు, అంటే 10,000. దాని మీద 4 శాతం సెస్సు, 400. మొత్తం 10,400. పది వేల బోనస్‌కు 400 చేతి నుంచి పెట్టుకోవాల్సి వచ్చింది!

బోనస్ లక్ష అయితే? పన్ను విధించదగ్గ ఆదాయం 13 లక్షలు, పన్ను 75,000, సెస్సుతో 78,000. లక్షలో మిగిలింది 22,000. ఇక్కడ “బోనస్‌లో చాలా భాగం పన్నుకే పోయింది” అంటే అతిశయోక్తి కాదు, ఈ డబ్బు రీఫండ్‌గా తిరిగి రాదు కూడా. ఇంగ్లండ్‌లోనూ ఏడాదికి 1,00,000 పౌండ్లు దాటిన దగ్గర నుంచి 1,25,140 వరకు పన్ను లేని పరిమితి కరిగిపోతూ వస్తుంది. అక్కడ 40 శాతం శ్లాబులో ఉన్నా, ఆ మధ్యలో పడిన బోనస్ మీద నిజంగా పడేది 60 శాతం.

ఏది కోత, ఏది పన్ను: తేడా ఎలా తెలుస్తుంది

పే స్లిప్‌లోనే దీనికి ఒక ఆనవాలు ఉంటుంది. మామూలు నెల కంటే పెరిగిన కోతను బోనస్‌తో భాగిస్తే ఒక శాతం వస్తుంది. బోనస్ తాకిన శ్లాబుల రేట్ల మధ్యలోనే ఆ శాతం ఉండాలి. మన ఉద్యోగి బోనస్ తాకింది 10, 20 శాతం శ్లాబులనే. అందువల్ల 15 శాతం నమ్మదగ్గ అంకె, 28 శాతం కాదు. 20 దాటిన ప్రతి పైసా శ్లాబుల ప్రకారం బోనస్ మీద పడిన పన్ను కాదు, ఊహ వల్ల ఎక్కువ కోసింది, లేదంటే పాత బాకీ, లేదంటే పైన చెప్పిన అంచు. పది కంటే తక్కువ వస్తే మిగతాది తర్వాతి నెలలకు పంచారని అనుకోవాలి, లేకపోతే ఏడాది చివర బాకీ ఉంటుందని. సెస్సు, సర్‌చార్జి లాంటివి ఉన్న చోట వాటినీ రేటుకు కలుపుకోవాలి.

భాగించే ముందు ఇంకో సంగతి చూడాలి. పే స్లిప్‌లో కోతలన్నీ పన్ను కావు. సామాజిక భద్రత చందాలు, పింఛను వాటా లాంటివి బోనస్ మీద కూడా పడవచ్చు, వాటి నియమాలు వేరు. బ్రిటన్‌లో నేషనల్ ఇన్సూరెన్స్‌నే తీసుకుంటే, మామూలు ఉద్యోగులకు దాన్ని ఏ నెలకానెలే లెక్కగడతారు. నెల ఆదాయం ఒక హద్దు దాటాక దాని రేటు 8 నుంచి 2 శాతానికి పడిపోతుంది. కాబట్టి అదే డబ్బు పన్నెండు నెలలకు పంచి ఇచ్చినప్పటి కంటే, ఒక్క నెలలో బోనస్‌గా ఇస్తే ఆ చందా తక్కువ పడే వీలుంది. అంటే ఒకే పే స్లిప్‌లో పక్కపక్కనే ఉన్న రెండు గడుల్లో, ఒకటి బోనస్ వల్ల అసలు కంటే ఎక్కువ కోస్తుంటే ఇంకొకటి తక్కువతో సరిపెడుతుంటుంది.